తమిళ న్యూస్ సైటుకి ఆల్ట్ టెక్స్ట్ రాస్తున్నా, చూపులేని పాఠకుడు దాటేస్తున్నానంటున్నాడు. తప్పెక్కడ?

వెబ్‌డెస్క్_వేణు

మాది నెల్లూరు. చెన్నైలో ఒక తమిళ న్యూస్ సైటు వెబ్ డెస్క్‌లో పని. తమిళం చదవడం, రాయడం అంతా ఇక్కడికొచ్చాకే పట్టుబడింది. రెండు నెలల కిందట మా ఎడిటర్ గారు ప్రతి ఫోటోకీ ఆల్ట్ టెక్స్ట్ ఉండి తీరాలన్నారు. ఆ పని నా నెత్తిన పడింది. అదేలెండి, చూపులేని వాళ్ళ ఫోనో కంప్యూటరో బొమ్మ దగ్గరికి రాగానే పైకి చదివే ముక్క. రోజుకి అరవై డెబ్భై ఫోటోలు. బద్ధకించకుండా రాస్తూనే ఉన్నా.

మొన్న ఒక పాఠకుడు మెయిల్ పెట్టాడు. తిట్టలేదు గానీ తిట్టినంత పని చేశాడు. "మీ ఫోటో రాగానే బాణం నొక్కి దాటేస్తున్నాను. చివరిదాకా వింటే గానీ అందులో ఉన్నది మనిషో గేదో తెలీదు" అని.

ఆయన చూపించిన ఉదాహరణ 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను నాటి ఫోటో, చెన్నైలోని వేళచ్చేరిది. ఈ వానాకాలంలో పాత ఫైల్లోంచి తీసి మళ్ళీ వాడాం. నేను రాసింది ఇదీ, తెలుగు అక్షరాల్లో పెడుతున్నా:

"వేళచ్చేరియిల్ ముళంగాల్ అళవు తేంగియ మళైనీరిల్ తలైయిల్ తుణి మూట్టైయై సుమందపడి, ఒరు కైయిల్ సిఱువనై పిడిత్తుక్కొండు నడందు సెల్లుం ఒరువర్"

తెలుగులో అయితే: వేళచ్చేరిలో మోకాలిదాకా నిలిచిన వాన నీళ్ళలో తల మీద బట్టల మూట మోస్తూ, ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని నడిచి వెళ్తున్న ఒకరు. వ్యాకరణం తప్పు లేదు. మా చీఫ్ సబ్ కూడా చూసి సరే అన్నారు. మరి ఎక్కడ కొడుతోంది?

ఎస్ఈఓ_సుబ్బు

సింపుల్ బ్రో. ఆల్ట్ టెక్స్ట్ 125 అక్షరాలు దాటకూడదు, అది రూలు. నీది దాటేసింది. ఇంకోటి, మొదట్లోనే "చెన్నై వరద, మిక్‌జాం తుఫాను, వేళచ్చేరి" అని కీవర్డ్స్ పడేస్తే గూగుల్ ఇమేజెస్‌లో కూడా పైకొస్తుంది. రంగులూ గట్రా రాయకు, వాళ్ళకెందుకవి.

టీనగర్_టిఫిన్

తమిళ పేపర్లలో మిక్‌జాం, మన పేపర్లలో మిచౌంగ్. తుఫాను మాత్రం చెన్నైని ముంచేసి బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు భాషలకీ సమానంగా పంచింది.

చెవులతో_చదువు

నేను పుట్టుకతో చూపులేనివాణ్ణి. ఇంట్లో తెలుగు, బడి తమిళం, ఉద్యోగం చెన్నైలో బ్యాంకు. రోజూ తమిళ వార్తలు ఎన్‌వీడీఏతో, అంటే తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడరుతో వింటాను. కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతా, ఏమనుకోవద్దు.

వేణు గారూ, మీ వాక్యంలో అసలు మనిషి ఎక్కడున్నారో చూడండి. చిట్టచివర, "ఒరువర్" దగ్గర. దానికి ముందు వేళచ్చేరి, మోకాలు, వాన నీళ్ళు, తల, మూట, చెయ్యి, పిల్లవాడు, నడక. ఇవన్నీ ఎవరివో తెలీకుండా ఒక్కోటీ గుర్తు పెట్టుకుంటూ రావాలి. తల అనగానే ఎవరి తల? చెయ్యి అనగానే ఎవరి చెయ్యి? పెళ్ళిలో వడ్డించేవాడు కూర, పప్పు, పచ్చడి అన్నీ చేతుల్లో పోసి చివర్లో విస్తరి వేసినట్టుంది.

మీకు ఫోటో కనిపిస్తోంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది తెలీదు. మేం వినేది మామూలు మాట వేగానికి రెండింతలో, ఇంకా ఎక్కువో. మొదటి రెండు మూడు మాటలు విని, పనికొస్తుందా లేదా అని తేల్చుకుని, లేకపోతే దాటేస్తాం. మీరు హెడ్డింగులు చూసి పేజీ కిందికి జరుపుతారే, అలాగ. మీ ఫోటోలో మొదటి రెండు మాటలు "వేళచ్చేరిలో మోకాలి". ఆ ముక్క నాకు పైన హెడ్డింగులోనే వచ్చేసింది. సుబ్బు గారు చెప్పినట్టు కీవర్డ్స్ పెట్టారంటే అదే మూడోసారి వింటాను.

ఇక ఆ 125 సంగతి. అది ఎక్కడా కొలిచి గీసిన గీత కాదు. ఎన్‌వీడీఏ బ్రౌజర్లో ఒక లైనుకి వంద అక్షరాల చొప్పున తెంపి చదువుతుంది, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. అంటే పెద్దదైతే ఆగిపోదు, రెండో లైనుకి ఇంకోసారి బాణం నొక్కాలి, అంతే. మొదటి లైనులో అసలు విషయం ఉంటే నొక్కాలో వద్దో నేనే చూసుకుంటా.

మైలాపూర్_మావయ్య

ముప్ఫై ఏళ్ళు తమిళ పత్రికల్లో సబ్ ఎడిటర్‌గా చేశాను, ఇప్పుడు రిటైర్డ్. వేణు రాసిన ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అది ప్రింటు క్యాప్షన్ల అచ్చు. "నడందు సెల్లుం పెణ్", "పార్వైయిడుం అమైచ్చర్", "తత్తళిక్కుం మక్కళ్". అంటే నడిచి వెళ్తున్న స్త్రీ, పరిశీలిస్తున్న మంత్రి, అల్లాడుతున్న జనం. క్రియ అంతా ముందు, మనిషి చివర. మేమే నేర్పాం పిల్లలకి.

పేపర్లో అది ఎందుకు నప్పింది? ఫోటో పైనుంది. కన్ను మనిషిని ముందే చూసేసి కిందికి దిగుతుంది. క్యాప్షన్ ఆ మనిషి గురించి మిగతాది చెబితే చాలు. ఆల్ట్ టెక్స్ట్‌లో పైన ఏమీ లేదు. అదే అచ్చు తెచ్చి ఇక్కడ పోస్తే చదువు గారు చెప్పిన విస్తరి గతే.

అయితే ఒకటి ఒప్పుకోను. ముక్కలు ముక్కలుగా, క్రియ లేకుండా "తలైయిల్ మూట్టై. కైయిల్ పైయన్." అని రాయడం నాకు టెలిగ్రామ్ చదివినట్టుంటుంది. తమిళం తమిళంలా ఉండాలి.

చెవులతో_చదువు

మావయ్య గారూ, క్రియ ఉంటే మంచిదే. చిన్న వాక్యాలైతే చాలు నాకు.

వెబ్‌డెస్క్_వేణు

సరే, ప్రయత్నిస్తా. ఇది చూడండి:

"ఒరువర్ ముళంగాల్ అళవు తణ్ణీరిల్ నడక్కిఱార్. తలైయిల్ తుణి మూట్టై ఉళ్ళదు. ఒరు సిఱువనిన్ కైయైప్ పిడిత్తిరుక్కిఱార్. పిన్నాల్ ఇరణ్డు కార్గళ్ పాది మూళ్గియిరుక్కిన్ఱన."

తెలుగులో చెప్పాలంటే: ఒకరు మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నారు. తల మీద బట్టల మూట ఉంది. ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకున్నారు. వెనక రెండు కార్లు సగం మునిగి ఉన్నాయి.

చెవులతో_చదువు

చాలా నయం. ఆ "ఒకరు" ఆడా మగా?

వెబ్‌డెస్క్_వేణు

ఆడమనిషి. అయ్యో, రెండుసార్లూ రాయలేదు.

చెవులతో_చదువు

ఇక్కడే తమిళం రాసేవాళ్ళంతా జారిపడతారు. మన తెలుగులో ఒకాయన, ఒకావిడ, ఒకతను, ఒకామె అని గౌరవం పోకుండా ఆడా మగా చెప్పేస్తాం. రాసే తమిళంలో "ఒరువన్" అన్నా "ఒరుత్తి" అన్నా వాడు, అది అన్నట్టుంటుంది, పత్రికలో రాయలేరు. మర్యాదకి "ఒరువర్", "నడక్కిఱార్" అంటారు. అవి ఇద్దరికీ ఒకటే. పైగా వార్తల్లో ఎవరు గుర్తు తెలియకపోయినా "ఒరువర్" అనడం అలవాటు. కంటితో చూసేవాడికి ఫోటో చెప్పేస్తుంది, లోటు తెలీదు. నాకు వాక్యం మర్యాదగా వినిపిస్తుంది, మనిషి మాత్రం కనపడడు.

"పెణ్ ఒరువర్", "ముదియవర్ ఒరువర్", "ఇళైఞర్ ఒరువర్" అని రాయండి, అంటే ఒక స్త్రీ, ఒక ముసలి మనిషి, ఒక యువకుడు అని. "ముదియవర్"లో కూడా చిక్కే, ముసలాయనో ముసలావిడో తెలీదు. "మూదాట్టి" అని రాస్తే ముసలావిడే అని తెలుస్తుంది.

హోసూరు_రాధ

తమిళ ఫోటో క్యాప్షన్లు తెలుగులోకి మార్చడం గురించా ఇది? అయితే మా తమ్ముడు చేస్తాడు, నంబరు కావాలంటే మెసేజ్ పెట్టండి.

టీనగర్_టిఫిన్

రాధక్కా, పైనుంచి చదువు తల్లీ. తమ్ముడికి పని తర్వాత చూద్దాం.

హోసూరు_రాధ

ఇప్పుడు చదివా. సారీ. అయితే మా అమ్మ సంగతి చెప్పాలి. షుగర్ వల్ల ఆమెకి చూపు నాలుగేళ్ళ కిందట బాగా పోయింది. హోసూరులోనే పుట్టి పెరిగింది, తమిళం గలగలా మాట్లాడుతుంది గానీ చదివింది తెలుగు మీడియం. తమిళ అక్షరం ఒక్కటి రాదు. ఇప్పుడు ఫోన్లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి, తమిళ గొంతు డౌన్‌లోడ్ చేసిచ్చాం. జీవితంలో మొదటిసారి తమిళ పేపరు "చదువుతోంది". చూపున్నప్పుడు చదవలేనిది చూపు పోయాక చదువుతున్నానే అని నవ్వుతుంది. రాసిన తమిళంలో "ఉళ్ళదు", "మూళ్గియ" లాంటివి వచ్చినప్పుడు మాత్రం మా నాన్నని అడుగుతుంది. మాట్లాడే తమిళంలో రాస్తే పోలా?

మైలాపూర్_మావయ్య

పోదమ్మా. "నడక్కిఱార్" అని ఉన్నదాన్ని "నడక్కుఱాంగ" అని రాస్తే మెషీను దాన్ని ఎలా పలుకుతుందో దేవుడికి తెలియాలి. అదీ కాక తిరునెల్వేలి వాడి మాట వేరు, కోయంబత్తూరు వాడి మాట వేరు. ఎవరి మాట రాస్తాం?

చెవులతో_చదువు

రాధ గారి అమ్మగారి మాటలో సగం న్యాయం ఉంది. క్రియ రూపం రాతలోదే ఉంచి, మాటలు మాత్రం వాడుకలోవి పెట్టొచ్చు. "ఉళ్ళదు" బదులు "ఇరుక్కిఱదు" అంటే మాట్లాడే తమిళం వచ్చినవాళ్ళకి దగ్గర. ఇంటికి "ఇల్లం" వద్దు, "వీడు" చాలు.

అయితే ఇంగ్లీష్ మాటల దగ్గర తిరకాసు ఉంది. తమిళ లిపిలో ప, బలకి ఒకటే అక్షరం. క, గలకీ ఒకటే, త, దలకీ ఒకటే. మాట మొదట్లో ఉంటే గొంతు దాన్ని గట్టిగా పలుకుతుంది. అందుకే ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతు బస్‌ని "పస్" అంటుంది. గేట్‌ని "కేట్" అంటుంది. గోపాల్ కాస్తా "కోబాల్" అవుతాడు. అదే బస్‌ని "పేరుందు" అని రాస్తే చక్కగా పలుకుతుంది, ఎందుకంటే అది నిజంగా ప-తోనే మొదలవుతుంది. మామూలుగా అచ్చ తమిళ మాటలంటే విసుక్కునే నేను ఆల్ట్ టెక్స్ట్‌లో మాత్రం పేరుందు పార్టీ.

టీనగర్_టిఫిన్

కోబాల్ ఏడుస్తున్నాడు అక్కడ. మా బాబాయి పేరు భాస్కర్. పాస్కర్ అంటే పాసైపోయాడా అని అడిగాను ఒకసారి.

గూడూరు_గిరి

వెబ్ డెవలపర్ని. తమిళ సైట్లు రెండు చేశాను. వేణు గారూ, రాతకి ముందు మీ టెంప్లేట్ ఒకసారి చూడండి. పేజీ మొదట్లో `<html lang="en">` అని ఉందా? చాలా సైట్లు ఇంగ్లీష్ థీమ్ కొనుక్కుని అది మార్చడం మరిచిపోతాయి. అప్పుడు స్క్రీన్ రీడరు ఇది ఇంగ్లీష్ అనుకుని ఇంగ్లీష్ గొంతు పెడుతుంది. కొన్ని ఇంగ్లీష్ గొంతులు తమిళ అక్షరాలన్నీ మింగేసి మధ్యలో అంకెలు మాత్రం చదువుతాయి. ఒక క్లయింట్ సైటులో వార్తంతా "2023... 4... 12" అని వినిపించింది. లాటరీ ఫలితాల్లాగ.

పేజీకి ఇలా ఉండాలి, ఇంగ్లీష్ పేజీలో ఒక్క తమిళ ఫోటో ఉంటే దానికి విడిగా:

```
<html lang="ta">

<img src="velachery-1.jpg" lang="ta"
 alt="பெண் ஒருவர் முழங்கால் அளவு தண்ணீரில் நடக்கிறார்.">
```

ఇంకొకటి, మీది వర్డ్‌ప్రెస్ అయితే. మీడియా లైబ్రరీలోకి వెళ్ళి ఆల్ట్ టెక్స్ట్ మార్చితే పాత వార్తల్లో మారదు. ఫోటోని వార్తలో పెట్టిన క్షణంలో ఉన్న మాట అందులోకి కాపీ అయిపోతుంది. ఆ వార్త తెరిచి ఆ బొమ్మ మీదే మార్చాలి. పైన పెద్దగా వచ్చే ఫీచర్డ్ ఇమేజ్ ఒక్కటే లైబ్రరీ నుంచి తెచ్చుకుంటుంది, అదీ థీమ్ సరిగ్గా రాసి ఉంటేనే.

వెబ్‌డెస్క్_వేణు

గిరి గారూ, చూశా. `lang="en"`. రెండు నెలలు రాసింది ఎవరికి వినపడిందో ఏమో.

చెవులతో_చదువు

నాలాంటి వాళ్ళకి వినపడే ఉంటుంది. ఇలాంటి సైట్లకి అలవాటు పడి, భాష దానంతటది మారే సెట్టింగు ఆపేసి తమిళ గొంతే పెట్టుకుంటాం. విండోస్‌లో వచ్చే తమిళ గొంతు పేరు వళ్ళువర్. ఆయన నోట సినిమా గాసిప్స్ వింటుంటే అదో సరదా. కానీ రాధ గారి అమ్మగారికి అవన్నీ చేతకావు కదా, టెంప్లేట్ మార్చండి.

మైలాపూర్_మావయ్య

గిరి బాబు చెప్పింది విన్నాక ఒకటి గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఫోటోగ్రాఫర్లు క్యాప్షన్లు బామిని ఫాంటులో టైపు చేసి పంపేవాళ్ళు. యూనికోడ్ కాదు, అది లోపల ఇంగ్లీష్ అక్షరాలే, పైన తమిళ తొడుగు. మన అనూ ఫాంట్ల లాంటిదే. తమిళ్ అన్న మాట అందులో నిజానికి ఇదీ:

```
jkpo;
```

వార్తలో పోస్తే వెంటనే పిచ్చిగీతలు కనపడి దిద్దుకుంటాం. ఆల్ట్ గడిలో పోస్తే? పేజీ మీద కనపడదు కాబట్టి ఎవరూ చూడరు. జే కే పీ ఓ సెమికోలన్ అని చెవిలో పడినవాడు మాత్రం తల పట్టుకుంటాడు. వేణూ, మీ పాత ఫైల్లో అలాంటివి ఉన్నాయేమో వెతికించు.

చెవులతో_చదువు

ఇంకో రకం కూడా ఉంది, అది కంటికి దొరకనే దొరకదు. ఈ రెండూ చూడండి:

```
ஔவையார்
ஒளவையார்
```

టీనగర్_టిఫిన్

రెండూ తమిళ కవయిత్రి అవ్వైయారే కదా. తేడా ఏంటి?

చెవులతో_చదువు

మీకు ఒకేలా ఉన్నాయన్నమాట. మొదటిది ఒక్క ఔ అక్షరం. రెండోదాంట్లో ఒ పక్కన విడిగా ళ టైపు చేశారు. నాకు అది "ఒళవైయార్" అని వినిపిస్తుంది. మెరీనా బీచ్ దగ్గర అవ్వైయార్ విగ్రహం ఫోటో వచ్చినప్పుడల్లా ఈ ఒళవైయార్ ఎవరా అని చిన్నప్పుడు నిజంగా అనుకున్నాను.

గూడూరు_గిరి

ఇవన్నీ రాసేవాడు పట్టుకోవాలంటే ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఉచితమే. పేజీ తెరిచి జీ కీ నొక్కుతూ పోతే బొమ్మ నుంచి బొమ్మకి దూకుతుంది. టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే అది పలికేదంతా అక్షరాల్లో కూడా పడుతుంది. అయితే ఒళవైయార్ అక్కడా కంటికి దొరకడు, చెవితోనే పట్టుకోవాలి. రోజుకి డెబ్భై ఫోటోలు వినలేరు గానీ వారానికి పది వింటే చాలు.

ఎస్ఈఓ_సుబ్బు

అంత టైమ్ ఎవరికుంది? హెడ్డింగే కాపీ చేసి ఆల్ట్‌లో పెడితే సరిపోతుంది, చాలా సైట్లు అదే చేస్తాయి.

చెవులతో_చదువు

చేస్తాయి. అందుకే హోమ్ పేజీలో ప్రతి వార్తా రెండుసార్లు వింటాను, ఒకసారి బొమ్మ నోట, ఒకసారి హెడ్డింగు నోట. ముప్ఫై వార్తలుంటే అరవై. అక్కడ బొమ్మా హెడ్డింగూ ఒకే లింకులో ఉంటే ఆల్ట్ ఖాళీగా వదిలేయండి, `alt=""` అని. అప్పుడు అసలు బొమ్మ ఊసే ఎత్తదు. వార్త తెరిచాక లోపలి ఫోటోకి రాయండి. గడి ఉంచి ఖాళీ పెట్టడం వేరు, ఆల్ట్ అన్నదే లేకపోవడం వేరు. లేకపోతే కొన్నిసార్లు ఫైలు పేరు చదువుతుంది, ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు మూడు అనుకుంటూ.

ఎస్ఈఓ_సుబ్బు

ఓకే, ఆ హోమ్ పేజీ సంగతి నాకు తెలీదు. మార్చుకుంటా. కానీ లోపలి ఫోటోలో వేళచ్చేరి అన్న ఊరి పేరు ఉండాలనే అంటా.

వెబ్‌డెస్క్_వేణు

ఊరు, తేదీ కింద క్యాప్షన్లో వస్తాయి సుబ్బు. రెండుచోట్లా ఎందుకు?

ఎస్ఈఓ_సుబ్బు

క్యాప్షన్ లేని ఫోటోలకి?

చెవులతో_చదువు

అప్పుడు ఉండాలి. అది నిజం.

వెబ్‌డెస్క్_వేణు

ఇప్పుడు సోషల్ మీడియా. మా ఎక్స్ అకౌంట్లో ఫోటోలకన్నా న్యూస్ కార్డులే ఎక్కువ. తెలుసుగా, ఎర్ర పట్టీ, ఒక మొహం, పక్కన నాలుగు లైన్ల వార్త, అంతా బొమ్మే. దానికి ఏం రాయాలి? "అమైచ్చరిన్ పడం", అంటే మంత్రి ఫోటో, అని పెడుతూ వచ్చా.

చెవులతో_చదువు

ఆ నాలుగు లైన్లూ రాయండి. నాకు కావాల్సిందే అది! కార్డు మీదున్న మాటలు పొల్లు పోకుండా, ఆ తర్వాత వీలుంటే ఎవరి మొహమో. ఎక్స్‌లో వెయ్యి అక్షరాల దాకా ఇస్తాడు. తమిళంలో గుణింతం, పుల్లి అనే పొల్లు చుక్క కూడా విడిగా లెక్కపడతాయి కాబట్టి కంటికి కనిపించేంత చోటు ఉండదు. "తమిళ్" కంటికి మూడక్షరాలు, లెక్కకి ఐదు. అయినా ఒక కార్డుకి బోలెడు. వాట్సాప్‌లో మాత్రం ఆ గడే లేదు, కింద మెసేజ్‌గా రాయాల్సిందే.

హోసూరు_రాధ

మా అమ్మకి రోజూ పొద్దున్నే చుట్టాలు నలభై గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుతారు. "ఫోటో, ఫోటో, ఫోటో" అంటుంది ఫోన్. పోనీ ఇదే హాయి అంటుంది.

టీనగర్_టిఫిన్

కమెడియన్ వడివేలు మీమ్ ఉంటే? చెన్నైలో సగం ఎక్స్ వడివేలే. జోకు వివరిస్తే జోకు చచ్చిపోతుంది కదా.

చెవులతో_చదువు

వివరించొద్దు. వడివేలు అని పేరు, మొహంలో ఏముందో నాలుగు మాటలు, పైనా కిందా ఉన్న డైలాగు ఉన్నదున్నట్టు. ఆ డైలాగు మాట్లాడే తమిళంలోనే ఉంటుంది, దిద్దొద్దు. గొంతు వంకరగా పలికినా సందర్భం బట్టి నేను పట్టుకుంటా. ఆ సీన్లన్నీ టీవీలో విని విని నాకు కంఠతా.

మైలాపూర్_మావయ్య

ఈ మీమ్ సంగతి నాకు తెలీదు గానీ, ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి ఇంకో మాట. వేణూ, పార్టీ సభ ఫోటోకి "మక్కళ్ వెళ్ళం" అని రాయకు. అది మా కాలం నుంచీ పట్టిన జబ్బు.

టీనగర్_టిఫిన్

జన వరద! వేళచ్చేరి ఫోటో పక్కనే అది వస్తే రెండు వరదలు.

చెవులతో_చదువు

నవ్వుతున్నారు గానీ నాకు నిజంగా జరిగింది. వానల వార్తల మధ్యలో "సాలైయిల్ మక్కళ్ వెళ్ళం" అని వచ్చింది. రోడ్డు మీద జనం వరదలో ఉన్నారనుకున్నా. ఓట్ల ర్యాలీ అది.

వెబ్‌డెస్క్_వేణు

ఒక చిక్కు మిగిలింది, మా డెస్క్‌లోనే దీని మీద గొడవ. ఒక నాయకుడు గుడి దగ్గర నిలబడ్డ ఫోటో. నుదుట విభూతి ఉంది. కరై వేట్టి, అంటే అంచు పంచె కట్టుకున్నాడు, ఆ అంచు పార్టీ రంగుల్లో. ఈ రెండూ రాయాలా? మా పొలిటికల్ డెస్క్ ఆయన విభూతి గురించి రాస్తే గోల అవుతుందని అంటోంది.

మైలాపూర్_మావయ్య

రాయకూడదు. విభూతి పెట్టాడా తుడిచాడా అన్నదే ఇక్కడ ఒక వార్త. ఆల్ట్ టెక్స్ట్‌లో అది చెబితే వ్యాఖ్య చేసినట్టే. గుడి ముందు నిలబడ్డాడు, అంతటితో ఆపు.

చెవులతో_చదువు

మావయ్య గారూ, మీరే అంటున్నారు అది ఇక్కడ వార్త అని. చూపున్న ప్రతివాడూ ఆ విభూతి చూసి తనకి తోచింది అనుకుంటాడు. నాకు మాత్రం దాచిపెడతారా? "నెఱ్ఱియిల్ తిరునీఱు" అని రెండు మాటలు, మెచ్చుకోకుండా, తిట్టకుండా. అంచు రంగులు కూడా అంతే. నలుపు ఎరుపు అనండి, ఏ పార్టీయో నేను తేల్చుకుంటా.

మైలాపూర్_మావయ్య

ఫోటోలో చేతి గడియారం కూడా ఉంది, చెప్పులు కూడా ఉన్నాయి. అవి వదిలేసి విభూతి ఒక్కటే ఎంచుకున్నావంటే నువ్వు వేలెత్తి చూపిస్తున్నట్టే కదయ్యా.

చెవులతో_చదువు

ఎంచుకోకుండా ఎవరూ రాయలేరు. ఆయన్ని గుడి ముందు నిలబెట్టి తీసిన ఫోటోగ్రాఫరు కూడా ఎంచుకునే తీశాడు.

గూడూరు_గిరి

ఇది తెగదు. వేణు గారూ, మీ ఎడిటర్ని అడిగి ఏదో ఒకటి రాసి పెట్టుకోండి, అందరు నాయకులకీ ఒకటే పద్ధతి ఉంటే చాలు. ఒకరికి రాసి ఇంకొకరికి వదిలేస్తేనే అసలు గొడవ.

వెబ్‌డెస్క్_వేణు

అడిగా. "రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు మీకు తెలుసుగా.

ఈలోగా టెంప్లేట్లో భాష మార్పించాను. మెయిల్ పెట్టిన పాఠకుడికి వేళచ్చేరి ఫోటో కొత్త పాఠం పంపా, "పెణ్ ఒరువర్" తోనే మొదలయ్యేది. ఆయన జవాబు ఒక్క లైను: "ఈసారి ఆగి విన్నాను. ఆ పిల్లవాడికి ఎన్నేళ్ళుంటాయి?"

ఫోటోలో చూస్తే ఆరేడేళ్ళు ఉంటాయి. ఊహించి రాయొచ్చా?

చెవులతో_చదువు

"చిన్న పిల్లవాడు" అనండి చాలు. లేకపోతే "ఆమె నడుము ఎత్తున్న పిల్లవాడు" అనండి. అది కొలిచి చెప్పగలరు, వయసు చెప్పలేరు. నీళ్ళు వాడికి ఎక్కడిదాకా ఉన్నాయో కూడా అందులోనే తెలిసిపోతుంది.

హోసూరు_రాధ

వేణు గారూ, మీరు పైన పెట్టిన వాక్యం "పెణ్ ఒరువర్" అని మార్చి అమ్మకి చదివి వినిపించా, తమిళంలోనే. అంతా అర్థమైంది. ఒకటే అడిగింది, ఆవిడ కట్టుకున్న చీర ఏ రంగు అని.

ఎస్ఈఓ_సుబ్బు

రంగులు ఎందుకని నేను ముందే అన్నా...

చెవులతో_చదువు

నాకైతే అక్కర్లేదు సుబ్బు, నేను ఏ రంగూ చూడలేదు. అమ్మగారు యాభై ఏళ్ళు చూశారు.

వెబ్‌డెస్క్_వేణు

ఆకుపచ్చ. చిలకాకుపచ్చ, ఎర్ర అంచు. ఇప్పుడే వాక్యంలో కలిపి సేవ్ చేస్తున్నా.